చేతులు ఖాళీ లేనప్పుడు పొడుగాటి వాయిస్ నోట్: ఆపుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, విని చూసుకుని పంపడం ఎలా

ఆకివీడు దగ్గర మాకు మూడు రొయ్యల చెరువులున్నాయి. భాగస్వామి మా బాబాయ్. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, గట్టు మీద ఉండేది నేను. రోజూ తెల్లవారుజామున చెరువులన్నీ తిరిగి ఎక్కడ ఎలా ఉందో ఆయనకు వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెడతాను, అది విన్నాకే ఆ రోజు ఏ చెరువుకు ఎంత మేతో ఆయన తేలుస్తారు. ఆరేడు నిమిషాల నోట్ అది. ఒక చేతిలో చెక్ ట్రే తాడు, అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్ళలో దించి ఉంచే పళ్ళెం తాడు, ఇంకో చేతిలో టార్చి, రెండు చేతులూ తడి. అలాంటప్పుడు మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడటం కుదరదు కాబట్టి ఈ పద్ధతి మొత్తం నేర్చుకోవాల్సి వచ్చింది. వరి కోతల్లో ఉన్నవాళ్ళకైనా, వంటింట్లో పిండి చేతులతో అమ్మాయికి కబుర్లు చెప్పేవాళ్ళకైనా మీటలు ఇవే, నాకు బాగా తెలిసినది చెరువు గట్టు కాబట్టి అక్కడి సంగతే చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తలకెక్కించుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వాట్సాప్ వాయిస్ నోట్‌ను పంపే ముందు ఆపొచ్చు, మళ్ళీ కొనసాగించొచ్చు, వినొచ్చు, మొత్తం తీసి పారేయొచ్చు. కానీ మధ్యలో తప్పు పలికిన ముక్కను మాత్రం కోసి తీసేయలేం. ఆపి మళ్ళీ మొదలుపెడితే కొత్త మాట పాత మాట చివర అతుక్కుంటుంది, అంతే. అందుకే ఆపడం అన్నది ఊపిరి తీసుకోవడానికి కాదు, ఎక్కడ ఆపాలో ముందే తెలిసుండాలి.

గట్టెక్కక ముందు

ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వింతగా అనిపిస్తుంది గానీ, రికార్డు చేయడానికి నెట్ అక్కర్లేదు. నోట్ మధ్యలో మేత వ్యాను డ్రైవరు ఫోన్ చేశాడంటే మైకు ఆ కాల్‌కి వెళ్ళిపోతుంది, మీ రికార్డింగు అక్కడ తెగుతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఆ బెడద ఉండదు. అంతా చెప్పి పంపే మీట నొక్కాక కూడా నెట్ లేదు కాబట్టి నోట్ పక్కన గడియారం గుర్తు పడి అక్కడే ఆగి ఉంటుంది, మోడ్ తీసేయగానే అదే వెళ్ళిపోతుంది. ఆ కాసేపు ఫోన్ అందకపోతే కంగారుపడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ముందే ఒక మాట చెప్పి పెట్టండి.

తరువాత తెర త్వరగా ఆరిపోకుండా చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద స్క్రీన్ టైమౌట్ అని ఉంటుంది, దాన్ని ఐదో పదో నిమిషాలకు మార్చండి. రికార్డింగు నడుస్తున్నప్పటి మాట ఎలా ఉన్నా, ఆపి ఉంచినప్పుడు ముప్ఫై సెకన్లకే తెర ఆరిపోతే తడి చేతులతో మళ్ళీ లాక్ తీయడం నరకం.

ఇక ఫోన్ ఎక్కడ ఉండాలి అన్నది. చాలామంది చొక్కా జేబులో వేసుకుంటారు. రెండు నష్టాలు. ఒకటి, మనం మాట్లాడే మైకు ఫోన్ అడుగున ఛార్జర్ పెట్టే చోటు పక్కన ఉంటుంది, జేబులో నిలువుగా వేస్తే ఆ భాగం గుడ్డలో కూరుకుపోయి మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం, తెర వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చెమటకు తడిసిన పల్చటి చొక్కాలోంచి ఒంటి తాకిడి తగిలి ఏదో ఒక మీట నొక్కుకుపోతుంది, అది పంపే మీటో చెత్తబుట్టో కూడా కావచ్చు. నేను మెడలో వేలాడే పారదర్శకమైన ప్లాస్టిక్ పౌచ్ వాడతాను, వాన నీళ్ళు పడకుండా పెట్టుకునేది. తెర బయటి వైపుకి ఉండాలి, అడుగు భాగం గుడ్డకు ఆనకూడదు. నోటికి మైకు జానెడు నుంచి మూరెడు లోపు ఉంటే చాలు.

లాక్ వేయడం

ఎవరికి పంపాలో వాళ్ళ చాట్ తెరిచి పేరు ఒకసారి చదవండి. మాకు బాబాయ్ చాట్ ఉంది, చెరువుల గ్రూపు కూడా ఉంది, చీకట్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. టైపు చేసే చోట ఏమీ రాసి ఉండకూడదు. ఏదైనా అక్షరం ఉంటే మైకు గుర్తు ఉండాల్సిన చోట పంపే బాణం వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు వేలు పొడిగా తుడుచుకోండి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. తడి వేలు తెర మీద జారుతుంటే వేలు ఎత్తేశామని ఫోన్ అనుకుంటుంది, ఎత్తేస్తే నోట్ వెళ్ళిపోయినట్టే, నెట్ రాగానే రెండు సెకన్ల ఉత్త గాలి శబ్దం బాబాయ్‌కి చేరుతుంది. పౌచ్ లోపల ఫోన్ ఉన్నా పౌచ్ మీది నీటి బొట్లు ఇలాగే చేస్తాయి, దాన్నీ తుడవాలి.

మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకోండి. పైన తాళం గుర్తు కనిపిస్తుంది. వేలు ఎత్తకుండా నిట్టనిలువుగా ఆ తాళం దాకా జరపండి. ఎడమకు జరిపితే రికార్డింగు రద్దయిపోతుంది, అందుకే నిట్టనిలువుగా అంటున్నాను. తాళం పడ్డాక వేలు తీసేయొచ్చు. కింద ఒక పట్టీలా వచ్చి ఎడమ వైపు చెత్తబుట్ట, మధ్యలో ఎర్రటి పాజ్ గుర్తు, కుడి వైపు పంపే బాణం కనిపిస్తాయి, సెకన్లు పరుగెడుతుంటాయి. ఆ మూడూ కనిపిస్తే తాళం పడినట్టు. అవి కనిపించే దాకా చేయి నీళ్ళలో పెట్టకండి.

అదే పట్టీలో పంపే బాణానికి దగ్గర్లో గుండ్రంలో 1 అంకె ఉన్న గుర్తు ఒకటి ఉంటుంది. 2023 డిసెంబరులో వచ్చిన సౌకర్యం అది. అది నొక్కి ఉంటే అవతలివాళ్ళు ఆ నోట్‌ను ఒక్కసారే వినగలరు. రహస్యాలకు మంచిదే కానీ, మేత లెక్కలు రెండు మూడు సార్లు వినాల్సిన నోట్‌కి అది వెలిగి ఉండకూడదు. వేలు పొరపాటున తగిలే చోటే ఉంది కాబట్టి పంపే ముందు దాని వైపు ఒక చూపు వేయండి.

ముందు పది సెకన్ల పరీక్ష

గట్టు మీద శబ్దం అంటే ఏరియేటర్లే, నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు. రాత్రంతా చెరువులో నాచూ రొయ్యలూ అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, తయారు చేయడానికి ఎండ ఉండదు, అందుకే తెల్లవారే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది, సరిగ్గా ఆ వేళకే అన్ని ఏరియేటర్లూ తిరుగుతుంటాయి. నేను నోట్ చెప్పేదీ ఆ వేళకే. కాబట్టి ముందు పది సెకన్లు ఏదో ఒక మాట, ఒక అంకె చెప్పి పాజ్ నొక్కి వినండి. అంకె స్పష్టంగా వినిపిస్తే సరే. లేకపోతే ఏరియేటర్‌కి వీపు పెట్టి, గాలికీ వీపు పెట్టి మళ్ళీ చూడండి. గాలి నేరుగా మైకు రంధ్రంలోకి కొడితే వచ్చే గుడగుడ శబ్దాన్ని గొంతు పెంచి గెలవలేం, మన ఒళ్ళే అడ్డం పెట్టాలి.

పరీక్ష అయ్యాక ఆ ముక్కను చెత్తబుట్టలో వేసేసి మళ్ళీ మొదటినుంచి లాక్ వేయండి. కొనసాగించారంటే "హలో హలో ఒకటి రెండు" అన్నది కూడా నోట్‌లోనే ఉండిపోతుంది.

చెప్పడం, ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం

పాజ్ నొక్కగానే మధ్యలో ఉన్న పాజ్ గుర్తు ఎర్రటి మైకుగా మారుతుంది, పక్కన ప్లే మీట, అలల్లాంటి గీతలు వస్తాయి. ఎర్రటి మైకు నొక్కితే ఆపిన చోటి నుంచే మళ్ళీ రికార్డవుతుంది. ఇందులో ఒక మెలకువ ఉంది. నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోయే అవకాశం ఉంది, "మూడో చెరువు" అన్నది "డో చెరువు" అయితే రెండో మూడో అర్థం కాదు. సెకన్ల అంకె కదిలాక ఒక క్షణం ఆగి అప్పుడు మాట్లాడండి. ఆపేటప్పుడూ అంతే, చివరి మాట పూర్తయ్యాక ఒక ఊపిరి ఆగి నొక్కాలి.

ఎక్కడ ఆపాలి? నేను చెరువు మారేటప్పుడల్లా ఆపుతాను. నడిచేటప్పుడు ఆపి ఉంచుతాను, ఎందుకంటే గట్టు మీద నడకలో వచ్చే ఆయాసం, చెప్పుల చప్పుడు వినేవాళ్ళకు దేనికీ పనికిరావు. ట్రే ఎత్తేటప్పుడు మాత్రం ఆపను. చేతులు నీళ్ళలో ఉంటాయి, ఆపడానికి వేలు లేదు, పైగా ట్రేలో కనిపించింది కనిపించినట్టు అప్పుడే చెబితేనే నిజం. గట్టు చివర బల్ల మీదకెక్కి తాడు లాగుతూ, "ఒకటో చెరువు, తూర్పు ట్రే, మేత కొంచెం మిగిలింది, రొయ్యల పేగు నిండుగా ఉంది" అని చెప్పుకుంటూ పోతాను. ఇందుకోసమే కదా చేతులు అక్కర్లేని ఈ ఏర్పాటు.

ప్రతి ముక్కనూ చెరువు పేరుతో మొదలుపెట్టి, అదే పేరుతో ముగించండి. "రెండో చెరువు ... ఇది రెండో చెరువు" అని. వినేవాళ్ళు మధ్యలో ఎక్కడ వేలు పెట్టి విన్నా తాము ఎక్కడున్నారో తెలుస్తుంది.

ఇంకొకటి, అంకెలు చెప్పే ముందు రెండు సెకన్లు పూర్తిగా నోరు మూసుకోండి. పాజ్ నొక్కమని కాదు, రికార్డవుతూ ఉండగానే మౌనంగా ఉండండి. ఆ మౌనం అలల గీతల్లో పొట్టి గీతలుగా కనిపిస్తుంది, ఏరియేటర్ శబ్దం ఉన్నా మాట కంటే పొట్టిగానే ఉంటాయి. తర్వాత సరిచూసుకునేటప్పుడు ఆరు నిమిషాలూ మొదటినుంచి వినక్కర్లేదు, ఆ పొట్టి గీతల పక్కకు వేలు జరిపితే నేరుగా అంకెల దగ్గరికి వెళ్ళిపోతారు. నాకు ఈ పద్ధతి మొత్తంలో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే.

పంపే ముందు వినడం: మా ఇంట్లో జరిగిన సంగతి

పోయిన పంటలో ఒకరోజు వినకుండా పంపేశాను. రెండో చెరువు ట్రేల్లో మేత మిగిలింది, మూడో చెరువు ట్రేలు ఖాళీ. నేను తారుమారు చేసి చెప్పాను. బాబాయ్ నా మాట నమ్మి రెండో చెరువుకి పూటకు మూడు కిలోలు పెంచమని మేత వేసే కుర్రాడికి చెప్పారు, తినని చెరువుకి ఇంకా ఎక్కువ మేత పడింది. సాయంత్రానికి ట్రేలు చూసి తెలుసుకున్నాం కాబట్టి ఒక రోజుతో పోయింది. మిగిలిన మేత అడుగున కుళ్ళితే నీళ్ళు పాడవుతాయి, ఆ భయంతో రెండు రోజులు నాకు నిద్ర లేదు. అప్పటినుంచి వినకుండా పంపింది లేదు.

మొన్న వల విసిరి తూకం చూసిన రోజు నోట్ ఎలా సాగిందో వరుసగా చెబుతాను. ఒకటో చెరువు దగ్గర లాక్ వేసి నాలుగు ట్రేలూ చెప్పి, మౌనంగా రెండు సెకన్లు ఆగి ఆక్సిజన్ మీటరు అంకె 4.2 అని చెప్పి పాజ్ చేశాను. అక్కడే విన్నాను, బాగానే ఉంది. నడిచి రెండో చెరువుకి వెళ్ళి ఎర్ర మైకు నొక్కి, ట్రేలు చెప్పి, అంకె 3.4 అని, ఏరియేటర్లు ఇంకా ఆపలేదని చెప్పి మళ్ళీ పాజ్. మూడో చెరువులో వల విసిరితే 62 రొయ్యలు పడ్డాయి, తూకం 930 గ్రాములు. అంటే ఒక్కోటి సగటున 15 గ్రాములు, కిలోకి సుమారు 67, మన మాటలో 67 కౌంట్. చెప్పి పాజ్ చేసి ఆ పొట్టి గీతల పక్కకు వేలు జరిపి విన్నాను. "67 గ్రాములు, 15 కౌంట్" అని వినిపించింది. నోరు జారింది.

ఇప్పుడు ఏం చేయాలి? మొత్తం చెత్తబుట్టలో వేస్తే రెండు చెరువుల ట్రేలు కళ్ళారా చూసి చెప్పిన నాలుగున్నర నిమిషాలు పోతాయి, ఆ ట్రేలు మళ్ళీ ఎత్తే వేళ కూడా దాటిపోయింది. కోసి తీయలేం. కాబట్టి ఎర్ర మైకు నొక్కి, ఒక క్షణం ఆగి, "బాబాయ్, మూడో చెరువు తూకం ఇందాక తప్పు చెప్పాను, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, సరైనది సగటు 15 గ్రాములు, 67 కౌంట్, మళ్ళీ చెబుతున్నా, 67 కౌంట్" అని చేర్చాను. తప్పు ఏదో, సరైనది ఏదో రెండూ పేరు పెట్టి చెప్పాలి, ఉత్తినే "సారీ, 67" అంటే దేనికి 67 అని ఆయన మళ్ళీ ఫోన్ చేయాల్సి వస్తుంది. తప్పు మొదటి ముక్కలోనే, మొదటి అర నిమిషంలోనే దొరికితే మాత్రం మొహమాటం లేకుండా తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఇందుకే ప్రతి చెరువు దగ్గరా ఆగి అప్పటికప్పుడు వినమంటున్నాను, చివరికి వచ్చాక ఒకేసారి వింటే తప్పు తెలిసినా వెనక్కి తిరిగే దారి ఉండదు.

వినేటప్పుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే పైనున్న చిన్న స్పీకర్లోంచి వినిపిస్తుంది, ఏరియేటర్ల మధ్య అదే నయం. పౌచ్ పైభాగం ఆ సెన్సర్‌ని కప్పేసినా ఇలాగే జరుగుతుంది, అప్పుడు పెద్ద స్పీకర్లో శబ్దం రాలేదని నోట్ ఖాళీగా రికార్డయిందని భయపడకండి, చెవి దగ్గర పెట్టి వినండి. విన్నాక కొనసాగించాలంటే నొక్కాల్సింది ఎర్ర మైకు, పంపే బాణం కాదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రికార్డింగు నడుస్తుండగా బాణం నొక్కినా ఆగదు, అడగదు, అక్కడి దాకా చెప్పింది వెళ్ళిపోతుంది.

చాట్ నుంచి బయటికి వెళ్ళకండి. కొత్త వెర్షన్లలో ఆపిన నోట్ డ్రాఫ్టుగా నిలిచి ఉంటుంది, కానీ పాత ఫోన్‌లో మెమరీ చాలక యాప్ మూసుకుపోతే ఆ డ్రాఫ్టు మీద ఆశ పెట్టుకోలేం. వాతావరణం చూసుకోవాలన్నా, మీటరు ఫోటో తీయాలన్నా నోట్ పంపాకే.

ఎంత పొడుగు, ఎప్పుడు రికార్డర్ వాడాలి

ఏడెనిమిది నిమిషాలు దాటేలా ఉంటే నేను చెరువుకొక నోట్‌గా విడగొడతాను. ఒకదానిలో తప్పు పడితే ఆ ఒక్కటే పోతుంది, బాబాయ్‌కి కూడా మూడో చెరువు మాటే మళ్ళీ వినాలంటే వెతకక్కర్లేదు. ఆయన వేగం పెంచుకుని 1.5 రెట్లు, 2 రెట్లలో కూడా వింటారు, అందుకే అంకెలు మాత్రం నిదానంగా, ఒక్కోటి రెండు సార్లు చెబుతాను.

అరగంట, గంట సాగే మాటలు, అంటే టెక్నీషియన్ వచ్చి చెరువు చూసి చెప్పేదంతా భద్రపరచాలంటే వాట్సాప్ మైకు వద్దు. ఫోన్‌లో ఉండే రికార్డర్ యాప్‌లో తీయండి. అందులో తెర ఆర్పేసినా నడుస్తుంది, ఆపొచ్చు, మళ్ళీ మొదలుపెట్టొచ్చు, చాలా ఫోన్లలో మొదలూ చివరా కత్తిరించుకునే వీలు కూడా ఉంటుంది. తర్వాత షేర్ నొక్కి వాట్సాప్‌లో ఆడియో ఫైల్‌గా పంపండి. టెక్నీషియన్ గారికి రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి చేయండి.

పంపాక

ఏరోప్లేన్ మోడ్ తీసేసి గడియారం గుర్తు పోయి టిక్ పడే దాకా చూడండి. మా గట్టు మీద సిగ్నల్ పల్చన, ఒక్కోసారి రోడ్డు మీదకు వచ్చే దాకా ఆ గడియారం అలాగే ఉంటుంది. టిక్ పడకుండా ఫోన్ జేబులో వేసుకుంటే బాబాయ్ అక్కడ కాచుకుని కూర్చుంటారు.

పంపిన వాయిస్ నోట్‌ని దిద్దడం కుదరదు, దిద్దుకునే సౌకర్యం టైపు చేసిన మెసేజ్‌లకే ఉంది. తప్పు తెలిస్తే నోట్ మీద వేలు నొక్కి పట్టుకుని Delete for everyone ఎంచుకోవచ్చు, పంపిన రెండు రోజుల పైచిలుకు దాకా ఆ వీలు ఉంటుంది. కానీ ఆయన అప్పటికే విని మేత చెప్పేసి ఉంటే తీసేసి లాభం లేదు, ఫోన్ చేసి చెప్పడమే. ఆ తర్వాత అదే నోట్‌ని కుడివైపుకి జరిపి దానికి జవాబుగా సరైన అంకె పెట్టండి, తప్పూ ఒప్పూ ఒకచోటే కనిపిస్తాయి.

చివరగా ప్రతి నోట్ కిందా ఒక్క లైను టైపు చేస్తాను: "ఒకటి 4.2, రెండు 3.4, మూడు 67 కౌంట్". వాయిస్‌లో ఉన్న అంకెను నెల తర్వాత వెతికి పట్టుకోలేం, ఇలా రాసి ఉంటే చాట్‌లో "కౌంట్" అని వెతికితే పంట మొదటినుంచి తూకాలన్నీ వరుసగా వస్తాయి.